నవల విడుదల నెల: ఫిబ్రవరి 2027 పని ప్రణాళిక

రచయిత్రి గారికి, పార్శిళ్ళు చూసేవాళ్ళకి, పోస్టులు పెట్టేవాళ్ళకి, ఊళ్ళలో సభలు చూసుకుంటున్న మిత్రులకి.

పుస్తకం డెమీ 1/8, 216 పేజీలు, వెల 200 రూపాయలు. 500 కాపీలు జనవరి 25కి ప్రెస్ నుంచి రావాలి. ఫిబ్రవరి నెలాఖరుకి వాటిలో 300 కాపీలు కొని చదివేవాళ్ళ చేతికి చేరాలన్నది లక్ష్యం. చిన్న ప్రచురణల్లో డబ్బూ ఓపికా ఆవిష్కరణ సాయంత్రమే హరించుకుపోతాయి. మర్నాటి నుంచి పుస్తకం గురించి అడిగే నాథుడుండడు. అందుకే ఖర్చులో పెద్ద వాటా సభ తర్వాతి మూడు వారాలకే ఉంచాం.

కాపీల లెక్క: ముందస్తు ఆర్డర్లకు 150, సభల్లో అమ్మకానికి 130, విజయవాడ, హైదరాబాద్ షాపులకు 60, రచయిత్రి గారికి 40, సమీక్షలకు 30. పుస్తకాల చట్టం ప్రకారం ప్రచురణ అయిన 30 రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకి, ముంబై స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కోటి మన ఖర్చుతో పంపాలి. ఆ నాలుగూ ఫిబ్రవరి 10న పోస్టులో పడాలి. మిగిలిన 86 బీరువాలో ఉంటాయి, మార్చి దాకా వాటి జోలికి ఎవరూ వెళ్ళొద్దు.

సభలు

7వ తేదీ ఆదివారం, అమలాపురం గ్రంథాలయం హాలు, సాయంత్రం 4.30. శనివారం అమావాస్య, ఆ రోజు ఎవర్నీ పిలవలేం. ఆపైన మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలైతే కళ్యాణ మండపాలూ దొరకవు, జనమూ దొరకరు. వేదిక మీద నలుగురే: అధ్యక్షత, ఆవిష్కరణ, ఒక్క సమీక్ష, రచయిత్రి. మాట్లాడేవాళ్ళకి జనవరి 26నే పుస్తకం చేరాలి. చదవకుండా వచ్చినవాళ్ళు రచయిత్రితో తమ పరిచయం గురించే మాట్లాడతారు. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలని పిలిచినప్పుడే చెప్పండి, వేదికెక్కాక చీటీ పంపితే నొచ్చుకుంటారు. శాలువాలు, జ్ఞాపికలు వద్దు. ఆ డబ్బుతో టీ, బిస్కెట్లు, మైకు అద్దె వెళ్ళిపోతాయి.

పుస్తకాల బల్ల గుమ్మం పక్కనే, 4 గంటలకే తెరవాలి. సభ అయ్యాక అమ్ముదామనుకుంటే రాజోలు, ముమ్మిడివరం బస్సుల కోసం జనం లేచిపోతారు. 60 కాపీలు, 500 రూపాయల చిల్లర, గోడకి అంటించిన క్యూఆర్ కోడ్, పేర్లు రాసుకునే నోటుపుస్తకం బల్ల మీద ఉండాలి. 6.15కి సభ ముగించాలి.

14వ తేదీ ఆదివారం, భీమవరంలో ఒక ఇంటి డాబా మీద పాతికమందితో చదువు. ఉపన్యాసాలు లేవు. రచయిత్రి గారు రెండో అధ్యాయం పన్నెండు నిమిషాలు చదివి, ప్రశ్నలకు జవాబిస్తారు. నరసాపురాన్ని ఈ వారం పెట్టుకోలేదు. అంతర్వేది తీర్థం రోజుల్లో రేవు రెండు పక్కలా కిక్కిరిసి ఉంటుంది.

21వ తేదీ ఆదివారం, అంతర్జాతీయ మాతృభాషా దినం. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో ఉదయం 10.30కి. అనుమతి లేఖ జనవరి మొదటి వారంలోనే ఇవ్వాలి. ఆ రోజు ఊళ్ళో వేరే సభలూ ఉంటాయి కాబట్టి మనది 12 గంటలకే ముగించి, వచ్చినవాళ్ళని సాయంత్రం వాటికి పోనివ్వడం మంచిది.

28వ తేదీ ఆదివారం, నరసాపురం, మధ్యాహ్నం 3 గంటలకి. సఖినేటిపల్లి నుంచి వచ్చేవాళ్ళుంటారు. పంటు నడుస్తుందా, చివరిది ఎన్నింటికి అన్నది ముందురోజు రేవులో కనుక్కుని వాళ్ళకి చెప్పాలి.

జూనియర్ కాలేజీలకు వెళ్ళొద్దు, పిల్లలు పరీక్షల హడావుడిలో ఉంటారు.

పోస్టులు

వారానికి మూడే: మంగళవారం నవలలోంచి ఆరేడు వాక్యాలు, గురువారం పాఠకులకి ఒక ప్రశ్న, శనివారం మర్నాటి సభ వివరం. ఫేస్‌బుక్ ప్రధానం. ఇన్‌స్టాగ్రామ్‌లో రచయిత్రి గొంతుతో నిమిషం లోపు చదువు. ఆర్డర్లు వాట్సాప్‌లో.

పుస్తకం అనూ ఫాంట్లలో కంపోజ్ అయింది. ఆ ఫైల్లోంచి నేరుగా కాపీ చేస్తే ఫోన్లో అర్థంలేని గుర్తులొస్తాయి. యూనికోడ్‌కి మార్చాక ఒత్తులు, అరసున్నలు, విడిపోయిన మాటలు పుస్తకంతో పోల్చి చూడాలి. నెల మొత్తానికి కావాల్సిన నాలుగు భాగాలూ జనవరి 28కే మార్చి పెట్టుకుంటే మంగళవారం పొద్దున్న కంగారుండదు.

"మీ అనుభవాలు పంచుకోండి" అంటే ఎవరూ రాయరు. మొదటి గురువారం పోస్టు ఇలా:

"1996 నవంబరు 6 రాత్రి మీరు కోనసీమలో ఉన్నారా? గాలి తగ్గాక మొట్టమొదట ఎవరింటికి వెళ్ళి చూశారు? ఒక్క మాటైనా రాయండి. మా నవల ఆ తెల్లవారుజామున మొదలవుతుంది."

ఇక్కడ ఒక్క విషయంలో గట్టిగా ఉందాం. ఆ తుపానులో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు. వాళ్ళు రాసిన మాటని అడక్కుండా పోస్టరు చెయ్యొద్దు, మృతుల ఫొటోలు ఎవరు పంపినా పెట్టొద్దు. ప్రతి జవాబుకీ రచయిత్రి గారు గానీ మనం గానీ ఆ రోజే బదులు రాయాలి.

చిరునామాలు, మెయిళ్ళు

గూగుల్ షీట్ ఒక్కటే, ఆరే గళ్ళు: పేరు, ఊరు, ఫోను, ఈమెయిలు, ఎక్కడ కలిశారు, మెయిలు పంపమన్నారా లేదా. చివరి గడిలో "అవును" లేనివాళ్ళకి పంపం. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది, ఒక్కో జాబితాకి 256 మందే. అందుకే బల్ల దగ్గరే "మా నంబరు సేవ్ చేసుకోండి" అని అడగాలి. మామూలు జీమెయిల్ నుంచి రోజుకి 500 మందికి మించి వెళ్ళదు. మనం 50 మంది చొప్పున BCC లో పెట్టి పంపుదాం. BCC బదులు CC లో పెడితే అందరి చిరునామాలూ అందరికీ తెలిసిపోతాయి, పంపేముందు ఇంకొకరు చూడాలి.

మెయిళ్ళు నాలుగు: 1, 8, 16, 26 తేదీల్లో. మొదటిది:

"నమస్కారమండి. 1996 తుపాను తర్వాతి కోనసీమ మీద మేం వేస్తున్న నవల ఫిబ్రవరి 7 సాయంత్రం 4.30కి అమలాపురం గ్రంథాలయంలో విడుదలవుతోంది. 14లోపు కోరినవాళ్ళకి పోస్టు ఖర్చుతో కలిపి 170 రూపాయలు. ఈ మెయిలుకి జవాబుగా పేరు, ఇంటి నంబరు, ఊరు, మండలం, పిన్‌కోడ్ రాయండి. ఇకపై మెయిళ్ళు వద్దనుకుంటే 'వద్దు' అని రాస్తే చాలు."

మండలం తప్పనిసరి. ఒకే పేరున్న ఊళ్ళు జిల్లాకి రెండు మూడుంటాయి. డబ్బు కొడుకు ఫోన్నుంచి, పుస్తకం తండ్రి పేరు మీద ఉండటం మామూలే కాబట్టి స్క్రీన్‌షాటుతో సరిపెట్టుకోకుండా యూటీఆర్ చివరి నాలుగంకెలు షీట్లో రాసుకోవాలి.

పార్శిలు బరువు చూడండి. పుస్తకం దాదాపు 250 గ్రాములు. జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. రెండు పక్కలా అట్ట పెడితే 300 దాటి పై రేటు పడుతుంది. పాలిథిన్ కవరు, దాని మీద మందపాటి బ్రౌన్ పేపరు చాలు. నవలని ఆ పద్ధతిలో తీసుకుంటారా అని జనవరిలోనే ఒక శాంపిల్‌తో హెడ్ పోస్టాఫీసులో అడగండి. కాదంటే స్పీడ్ పోస్ట్ రేటుని బట్టి 170ని మళ్ళీ లెక్కేసి, ఆ తర్వాతే మొదటి మెయిలు పంపుదాం.

28 రాత్రి మిగిలిన కాపీలు లెక్కపెట్టి షీట్లో ఎక్కించాలి. మార్చి 1న షాపులకి ఫోన్ చేసి, అమ్ముడైనవెన్నో అడిగి, వాటి బిల్లు ఆ వారమే పంపాలి.