ఎర్ర ఇంకుతో టీసీ

2022 జులైలో స్కూలు తెరిచిన వారానికే నా పేరున చిట్టీ కంపెనీ నుంచి రిజిస్టర్ పోస్టు వచ్చింది. పద్మ టీచర్ రెండు వాయిదాలు కట్టలేదంట, షూరిటీ సంతకం పెట్టింది నేను కాబట్టి నేను కట్టాలి, లేకపోతే నా జీతం మీదకి వస్తారంట. మా హైస్కూల్లో పక్క క్లాసే ఆవిడది, నరసరావుపేట నుంచి ఇద్దరం ఒకే బస్సులో వస్తాం, పన్నెండేళ్ల పరిచయం. ఏం అడగాలో తెలీక కాగితం ఆవిడ టేబుల్ మీద పెట్టా.

చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాస్టారూ, మీ జీతంలోంచి ఒక్క రూపాయి పోనివ్వను, నాకు ఒక్క ఆదివారం టైం ఇవ్వండి" అంది.

సోమవారం పాత హాజరు పట్టీ ఒకటి తెచ్చింది. పిల్లల పేర్లు ఉండాల్సిన చోట అప్పుల పేర్లు రాసింది, తేదీల గడుల్లో నెలలు. మొదటి పేరు క్రెడిట్ కార్డు, లక్షా నలభై వేలు. అత్తగారి తుంటి ఆపరేషన్‌కి విజయవాడలో గీకింది, అప్పట్నుంచి నెలకి మినిమమ్ డ్యూ ఏడు వేలు కడతా ఉంది, ఎంతకీ తరగట్లేదని ఏడుపు. ఇద్దరం కూర్చుని స్టేట్‌మెంట్ చూశాం. నెలకి మూడున్నర శాతం అంటే 4,900 వడ్డీ, దానిమీద 18 శాతం జీఎస్టీ 882, కట్టిన ఏడు వేలల్లో అసలుకి పోయేది 1,218 అంతే. "మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటేనే ఘోరం అంటాం కదా మాస్టారూ, ఇది నాలుగు రూపాయల పైన పడతా ఉంది" అంది, లెక్కల టీచరే, ఇన్నాళ్లూ ఆ లెక్క వెయ్యడానికి భయపడింది అంతే, నాకు చాలా బాధేసింది.

రెండోది చిట్టీ. ఐదు లక్షలది, యాభై నెలలు, కూతురి ఇంజినీరింగ్ ఫీజుకని తొమ్మిదో నెల్లోనే పాడుకుంది, లక్షన్నర తగ్గించి మూడున్నర లక్షలకి. ఇంకా పాతిక వాయిదాలు ఉన్నాయి, ఎగ్గొట్టిన రెండు కాక. లేటైతే డివిడెండ్ పోతుంది, ఎనిమిదిన్నర వేలు కట్టేచోట పూర్తి పదివేలూ కట్టాలి.

ఆ వారమే గాజులూ గొలుసూ బ్యాంకులో పెట్టి లక్షా అరవై వేలు తెచ్చింది, ఎనభై పైసల వడ్డీకి. కార్డు మొత్తం కట్టేసింది, చిట్టీ బకాయి రెండు వాయిదాలూ కట్టేసింది. అత్తగారు బంగారం ఇల్లు దాటకూడదని రెండ్రోజులు మాట్లాడలేదంట, ఆ రోజులు ఆవిడకి కష్టంగానే గడిచాయి. పైనెల కార్డు మీద మళ్లీ మూడువేల చిల్లర బిల్లు వస్తే హడలిపోయింది, అది బిల్లు తేదీ నుంచి కట్టిన రోజు దాకా నడిచిన వడ్డీ, అదీ కట్టేసి కార్డు క్లోజ్ చెయ్యమని రాసిచ్చింది.

జీతం చేతికి 58,000. బంగారానికి పదివేలు, చిట్టీకి ఎనిమిదిన్నర, అద్దె, ఫీజు, మందులు, సరుకులు అన్నీ పోను ఐదువేలు మిగిలేది, అది ముట్టుకోలేదు. ఆ రోజుల్లో జీతాలు ఒకటో తారీఖున పడేవి కావు, పది దాటిన నెలలూ ఉన్నాయి, చిట్టీ డేట్ మాత్రం ఆగదు కదా, అందుకే మొదటి రెండు నెలల మిగులుతో ఒక వాయిదా ముందే పక్కన పెట్టుకుంది. నన్నడిగితే మొత్తం ప్లాన్‌లో అసలైన పని అదే, తర్వాత ఒక్క నెల డివిడెండ్ కూడా పోలేదు. 2023లో వాళ్లాయన బండి మీంచి పడితే కట్టు ఖర్చూ ఆ మిగుల్లోంచే వచ్చింది, కార్డు జోలికి పోలేదు. స్టాఫ్ అంతా చీరలవాడి దగ్గర వాయిదాల్లో తీసుకుంటుంటే ఆవిడ పేపర్లు దిద్దుకునేది, ఎవరేమన్నా పట్టించుకోలేదు.

కార్డు పేరు పక్కన ఎర్ర ఇంకుతో టీసీ అని రాసింది ఎప్పుడో. బంగారం 2024 సంక్రాంతికి ఇంటికొచ్చింది, దానికీ టీసీ.

ఆ ఏడాది జులైలో చిట్టీ ఆఖరి వాయిదా కట్టి మధ్యాహ్నం స్కూలుకొచ్చింది. నేను షూరిటీకిచ్చిన కాగితాలు కంపెనీ నుంచి తెచ్చి నా చేతిలో పెట్టింది, పట్టీ తెరిచి మూడో టీసీ రాసి పెన్ను నాకిచ్చింది.

"అప్పుడు ఒక సంతకం పెట్టారు కదా మాస్టారూ, ఇక్కడ కూడా ఒకటి పెట్టండి."

పెట్టా, తేదీ కూడా వేశా. బెల్ కొట్టారు, ఆవిడకి తొమ్మిదో తరగతి పీరియడ్ ఉంది.