బీమా, పింఛను శిబిరం: తెర మీది బొమ్మలు చూపిస్తూ చెప్పే మాటలు

అందరికీ నమస్కారం. అమ్మా, వెనక కూర్చున్న వారు కాస్త ముందుకు జరగండి. తెర చిన్నది, అక్కడికి అక్షరాలు కనిపించవు. చదువు రాకపోయినా ఇబ్బంది లేదు, ప్రతి బొమ్మకూ నేను మాట చెబుతాను. పత్తి చేలో పని ఆపుకుని వచ్చారు కాబట్టి సాగదీయను.

మొదటి బొమ్మలో గొడుగు కింద నవ్వుతున్న కుటుంబం ఉంది. దాన్ని దాటేద్దాం, అందులో చెప్పుకోవలసింది ఏమీ లేదు.

రెండో బొమ్మ. ఇది జీవన జ్యోతి బీమా. 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. 18 ఏళ్ల నుంచి 50 ఏళ్ల లోపు వారు చేరవచ్చు. 50 లోపు చేరి ఏటా కడుతూ ఉంటే 55 వరకు నడుస్తుంది. ఏడాదికి 436 రూపాయలు మీ బ్యాంకు ఖాతా నుంచి వాళ్లే తీసుకుంటారు. ఆ మనిషి జబ్బుతో పోయినా, గుండెపోటుతో పోయినా, ప్రమాదంలో పోయినా ఇంట్లో వారికి రెండు లక్షలు వస్తాయి.

మనిషి బాగుంటే ఆ 436 తిరిగి వస్తుందా? రాదమ్మా. ఈ మాట ఇప్పుడే తెలియాలి, కట్టాక తెలిస్తే నన్ను తిట్టుకుంటారు. ఇది చీటీ కాదు, పోస్టాఫీసులో దాచుకునే డబ్బూ కాదు. మిర్చి కల్లంలో రాత్రి కాపలా ఉన్న మనిషికి కూలి ఇస్తాం కదా, దొంగ రాలేదు కాబట్టి కూలి వెనక్కి ఇవ్వమని అడగం. ఇదీ అంతే.

తెర మీద 436 అని ఉంది, ఈ రోజు మీ దగ్గర మాత్రం 342 తీసుకుంటారు. తప్పు పడిందని కంగారు పడకండి. ఈ బీమాకు ఏడాది అంటే జూన్ ఒకటి నుంచి మే 31 వరకు. మనం సెప్టెంబరులో చేరుతున్నాం, మూడు నెలలు గడిచిపోయాయి కాబట్టి తగ్గింది. వచ్చే ఏడాది నుంచి పూర్తిగా 436.

చేరిన నాటి నుంచి 30 రోజుల లోపు జబ్బుతో పోతే డబ్బు రాదు. ప్రమాదానికి మాత్రం ఆ గడువు లేదు. మంచాన పడ్డాక చేర్పించుదాం అనుకునే వారు ఇది గుర్తు పెట్టుకోవాలి.

మూడో బొమ్మ, సురక్షా బీమా. ఏడాదికి 20 రూపాయలే. 18 నుంచి 70 ఏళ్ల వరకు, అంటే ఆ అరుగు మీద కూర్చున్న పెద్దాయన కూడా చేరవచ్చు. ఇది ప్రమాదానికి మాత్రమే. ప్రమాదంలో ప్రాణం పోతే రెండు లక్షలు. రెండు కళ్లు, లేదా రెండు చేతులు, లేదా రెండు కాళ్లు పూర్తిగా పోయినా రెండు లక్షలే. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పోతే లక్ష. గుండెపోటుకు ఇందులో పైసా రాదు, దానికి ఇందాకటి 436 ఉండాలి. అందుకే వయసు సరిపోయిన వారు రెండూ తీసుకోమంటాను.

అక్కడ ఒక అమ్మ పాము కాటు గురించి అడుగుతున్నారు. మంచి ప్రశ్న, ఈ తెర మీద ఎక్కడా రాయలేదు. పాము కాటు ప్రమాదం కిందకే వస్తుంది. చెట్టు మీద నుంచి పడినా అంతే. కానీ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లినట్టు కాగితం ఉండాలి. పసరు పోయించి, మంత్రం వేయించి, తెల్లవారాక చూద్దామని ఇంట్లోనే ఉంచితే మనిషికి ప్రమాదం, కాగితమూ ఉండదు. రోడ్డు మీద బండి గుద్దినా, చెరువులో మునిగినా పోలీసు స్టేషనులో రాయించాలి. ఆసుపత్రి చీటీలు, పోలీసులు ఇచ్చిన కాగితాలు ఏవీ పారేయకండి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఇవే ముందు కనపడకుండా పోతాయి.

ఇప్పుడు ఈ ఫారం చూడండి, చేత్తో పట్టుకుని చూపిస్తున్నాను. ఇక్కడ నామినీ అని ఒక గడి ఉంది. మీ తరువాత డబ్బు ఎవరి చేతికి రావాలో వారి పేరు. ఆధార్ కార్డులో ఎలా ఉందో అలాగే రాయించండి. ఇంట్లో చిన్ని అని పిలుస్తాం కదా అని చిన్ని అని రాయిస్తే, రేపు ఆ పిల్ల తానే చిన్ని అని రుజువులు తేవాలి. పిల్లలు చిన్నవాళ్లయితే వారి తరఫున తీసుకునే పెద్దవారి పేరు కూడా పడాలి. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఆ మనిషికి చెప్పండి: నా పేరున బీమా ఉంది, ఫలానా బ్యాంకు, పాస్ పుస్తకం ఫలానా పెట్టెలో ఉంది. చెప్పకపోతే రెండు లక్షలు ఉన్నాయని కూడా ఎవరికీ తెలియదు. అవసరం పడినప్పుడు వారు మీ ఖాతా ఉన్న బ్యాంకుకే వెళ్లి, మరణ ధ్రువపత్రం, తమ పాస్ పుస్తకం చూపించి ఫారం నింపాలి. నెల లోపు వెళ్లడం మంచిది.

మే నెల చివరి వారంలో రెండింటికీ కలిపి 456 రూపాయలు ఖాతాలో ఉండాలి. లేకపోతే బీమా ఆగిపోతుంది, ఎవరూ ఇంటికి వచ్చి చెప్పరు. మళ్లీ చేరవచ్చు గానీ జీవన జ్యోతికి ఆ 30 రోజుల గడువు మొదటి నుంచి లెక్క. డ్వాక్రా సంఘాల వారు మే నెల సమావేశంలో ఈ మాట ఒకసారి ఎత్తితే చాలు. రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నవారు ఒక్కచోటే చేరండి. రెండు చోట్లా కట్టినా వచ్చేది రెండు లక్షలే, రెండో చోట కట్టింది వృథా.

ఇక ఆఖరి బొమ్మ, అటల్ పింఛను. ఇది మాత్రం దాచుకునేది. 18 నుంచి 40 ఏళ్ల వారికి, ఆదాయపు పన్ను కట్టని వారికి. 60 దాటాక నెలకు 1,000 నుంచి 5,000 వరకు, మీరు ఎంచుకున్నంత పింఛను. 5,000 కావాలంటే 18 ఏళ్ల పిల్ల నెలకు 210 కట్టాలి, 30 ఏళ్లవారు 577, 40కి వచ్చి చేరితే 1,454. అందుకే మీ కన్నా మీ ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలకు ఇది లాభం. పింఛను తీసుకునేవారు పోతే అదే పింఛను భార్యకు గానీ భర్తకు గానీ వస్తుంది. ఇద్దరూ పోయాక పోగైన మొత్తం నామినీకి. 60 లోపు మధ్యలో మానేస్తే మీరు కట్టింది, దాని మీద వచ్చిన రాబడి, అందులో ఖర్చులు తీసేసి ఇస్తారు. పెళ్లికో బోరుకో మధ్యలో తీసుకుందాం అనుకుంటే ఇందులో పెట్టకండి. నెల నెలా కూలి డబ్బు నిలకడగా రాని ఇంటికి ముందు ఆ రెండు బీమాలు చాలు, పింఛను ఆలోచించుకుని చేరండి. ఈ రోజే చేరాలని బలవంతం లేదు.

ఫారానికి డబ్బు లేదు. ఎవరైనా ఖర్చులని యాభై అడిగితే నాకు చెప్పండి. ఫోను చేసి మీ బీమా డబ్బు వచ్చింది, ఓటీపీ చెప్పండి అంటే పెట్టేయండి, బ్యాంకు అలా అడగదు.

ఆధార్, పాస్ పుస్తకం, నామినీ ఆధార్ నకలు తెచ్చినవారు కుడివైపు బల్ల దగ్గరకు రండి. ఖాతాలో డబ్బు ఉందో లేదో బ్యాంకు మిత్ర ముందుగా చూసి చెబుతారు. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు. చేరినట్టు రసీదు చేతికి వచ్చాకే బల్ల దగ్గర నుంచి లేవండి. పొలానికి తిరిగి వెళ్లవలసిన వారిని ముందు పంపిద్దాం, మిగతావారు కాస్త కూర్చోండి.