ఆదర్శ పాఠశాల వార్షికోత్సవం: ప్రిన్సిపాల్ నివేదిక

వేదిక మీదున్న పెద్దలకు, పేరెంట్స్ కమిటీ సభ్యులకు, పొలం పనులు, కూలి పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం. డాన్సుల కోసం పిల్లలు మేకప్‌తో కూర్చున్నారు. కాబట్టి పది నిమిషాల్లో ముగిస్తాను.

పోయినేడాది పదో తరగతి పరీక్షలు 58 మంది రాస్తే 55 మంది పాసయ్యారు. మిగతా ముగ్గురి గురించే ఎక్కువ చెప్పాలనుంది. లెక్కల్లో తప్పామని వాళ్లు బడి వైపు రావడమే మానేశారు. మన లెక్కల మాస్టారు వాళ్ల ఇళ్లకు వెళ్లి, అమ్మానాన్నలతో మాట్లాడి, ఎండాకాలం సెలవుల్లో రోజూ పొద్దున బడికి రప్పించుకుని పాఠం చెప్పారు. సప్లిమెంటరీలో ముగ్గురూ గట్టెక్కారు. అందులో ఒకమ్మాయి ఇప్పుడు మన దగ్గరే ఇంటర్ చదువుతోంది. మాస్టారూ, మా అందరి తరఫున మీకు దండం.

ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్‌కు ఎంపికయ్యారు. తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోండి: తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లు వస్తుంది. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది కాబట్టి ఖాతాకు ఆధార్ లింకు చేయించండి. ఆదాయ ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోండి. కాగితం లేదని తెలివైన పిల్లకు అవకాశం పోతే మనసు చివుక్కుమంటుంది.

ఆటల్లో మన ఖోఖో అమ్మాయిలు డివిజన్ పోటీల్లో గెలిచారు. గ్రౌండు చదును చేసి ఇచ్చిన ఊరి యువకులకు కృతజ్ఞతలు.

మధ్యాహ్నం అన్నం వండి, ఇంకొంచెం పెట్టుకో అని కొసరి వడ్డించే అమ్మలకు, బాత్‌రూములు శుభ్రంగా ఉంచుతున్న ఆయాలకు అందరూ గట్టిగా చప్పట్లు కొట్టండి. మీరు ఒక్కరోజు రాకపోతే ఈ బడి నడవదు.

వచ్చే ఏడాది పెట్టుకున్న పనులు రెండే. ఆరో తరగతిలో చేరే పిల్లల్లో కొందరు తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతున్నారు. ఇంగ్లిష్ మీడియం అని మనం సంబరపడితే చాలదు. మొదటి పీరియడ్‌కు ముందు రోజూ అరగంట, టీచరు పక్కన కూర్చోగా పెద్దగా చదివిస్తాం. ఇంట్లో మీరూ పేపరు ఇచ్చి చదవమనండి. చదువు రాని అమ్మయినా పక్కన కూర్చుని వింటే చాలు.

రెండోది, చిత్తూరు రోడ్డులో గాదంకి దగ్గర వాతావరణాన్ని పరిశోధించే పెద్ద రాడార్ ఉంది. మన పిల్లలు బస్సులో ఆ దారినే పోతుంటారు గానీ అదేమిటో తెలియదు. అనుమతి కోసం ఉత్తరం రాస్తున్నాం. తొమ్మిదో తరగతిని ముందుగా తీసుకెళ్తాం. శ్రీహరికోట కూడా మన తిరుపతి జిల్లాలోదే, దాని వంతూ వస్తుంది.

పదో తరగతి పిల్లలూ, మార్చి దగ్గరపడింది. టెన్షన్ పడకండి. రాత్రి పదకొండు దాటి మేలుకోవద్దు. ఏ సందేహమున్నా సాయంత్రం స్టడీ అవర్‌లో అడగండి, మేముంటాం.

ఇప్పుడు బహుమతులు ఇస్తాం. పేర్లు చదవమని తెలుగు మేడమ్ గారిని కోరుతున్నాను.