కేపీహెచ్‌బీ సెలూన్ బుకింగ్ సిస్టమ్: కోడ్ రాసే ముందు మన ప్లాన్

అక్కా, నమస్తే. రెండు శనివారాలు మీ రిసెప్షన్ పక్కన కూర్చుని చూసిందంతా ఇందులో రాశాను. ఒకసారి నిదానంగా చదవండి, మీకు తేడాగా అనిపించిన చోట పెన్నుతో కొట్టేయండి. మీరు సరే అన్నాకే పని మొదలుపెడతాను.

మొదటి శనివారం పదకొండింటికి ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. రిజిస్టర్‌లో సీనియర్ స్టైలిస్ట్ పేరు కింద ఒకే గీతలో ఇద్దరి పేర్లున్నాయి. ఒకటి ఫోన్‌లో చెప్పింది, ఇంకొకటి వాట్సాప్‌లో వచ్చింది. మియాపూర్ నుంచి వచ్చినావిడ గంటా పది నిమిషాలు సోఫాలో కూర్చుని, చివరికి ఏమీ చేయించుకోకుండా లేచి వెళ్లిపోయారు. అప్పటికి కుర్చీలు రెండు ఖాళీగానే ఉన్నాయి, చేసే మనిషే లేదు. అందుకే మన సిస్టమ్ కుర్చీని బుక్ చేయదు, మనిషి చేతిలో ఉన్న నిమిషాలను బుక్ చేస్తుంది. మిగతా ప్లానంతా దీన్నుంచే వచ్చింది.

సర్వీసుకు ఎంత సేపు

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. రేటు కార్డులో హెయిర్ కలర్‌కు రెండు గంటలు అని ఉంది. నేను వాచీ పెట్టుకుని చూస్తే, కలర్ పూయడానికి 40 నిమిషాలు, అది పట్టడానికి 35, వాష్‌కూ బ్లో డ్రైకీ 40 పట్టింది. మధ్యలోని ఆ 35 నిమిషాలు కస్టమర్ కుర్చీలోనే ఉంటారు, స్టైలిస్ట్ చేతులు మాత్రం ఖాళీ. ఆ టైమ్‌లో ఒక హెయిర్ కట్ అయిపోతుంది. కాబట్టి ప్రతి సర్వీసుకూ మూడు అంకెలు రాస్తాం: మొదటి పని, ఆగే సమయం, చివరి పని. కలర్‌కు 40, 35, 40. మామూలు కట్‌కు 30, 0, 0. ఆ ఆగే సమయంలో 30 నిమిషాలు మించని సర్వీసును మాత్రమే సిస్టమ్ ఇంకొకరికి చూపిస్తుంది. కట్ నాలుగైదు నిమిషాలు సాగినా కలర్ ఎక్కువసేపు ఉండిపోకూడదు కదా.

ఒకే పనికి అందరికీ ఒకే టైమ్ పట్టదు. సీనియర్ 30 నిమిషాల్లో చేసే కట్‌కు కొత్తగా చేరిన అమ్మాయికి 45 పడుతోంది. తన పని బాగుంది, తొందరపెడితే పాడవుతుంది. అందుకని ఆ అమ్మాయి పేరు మీద 45 అనే పెడతాం. ప్రతి సర్వీసు తర్వాత శుభ్రం చేసుకోవడానికి 5 నిమిషాలు కూడా కలుపుతాం.

థ్రెడింగ్ ఆన్‌లైన్‌లో వద్దు. పది నిమిషాల పని అది, దారిన పోతూ లోపలికొచ్చేవాళ్లే ఎక్కువ. ఆ కుర్చీనీ, అక్కడ చేసే అమ్మాయినీ అలాగే వదిలేద్దాం.

స్టాఫ్‌ను ఎంచుకోవడం

కస్టమర్ ముందు సర్వీసు ఎంచుకోవాలి, తర్వాతే మనిషిని. అప్పుడు ఆ పని వచ్చినవాళ్ల పేర్లే కనిపిస్తాయి. కెరాటిన్ ఇద్దరికే వచ్చు కాబట్టి ఇద్దరే కనిపిస్తారు. పైన మొదటి బటన్ 'ఎవరైనా పర్లేదు'. అది నొక్కితే ఆ రోజు తక్కువ పని ఉన్నవాళ్లకు బుకింగ్ వెళ్తుంది. మీ స్టాఫ్‌కు కమీషన్ ఉంది కాబట్టి ఈ విషయంలో న్యాయంగా ఉండాలి. లేకపోతే అన్నీ సీనియర్‌కే పోయి మిగతావాళ్ల మనసు విరిగిపోతుంది.

ఎవరైనా సెలవు పెడితే వాళ్ల బుకింగ్‌లను సిస్టమ్ తనంతట తాను వేరేవాళ్లకు మార్చదు. రిసెప్షన్‌లో లిస్టు చూపిస్తుంది, అక్కడి అమ్మాయి కస్టమర్‌కు ఫోన్ చేసి అడుగుతుంది. పేరు చూసి బుక్ చేసుకున్నవాళ్లకు చెప్పకుండా మనిషిని మార్చడం నాకు సరైన పనిగా అనిపించదు.

ఒకే మనిషికి ఒకే టైమ్‌లో రెండు బుకింగ్‌లు పడకుండా ఆపే పని డేటాబేస్‌కే అప్పగిస్తున్నాను. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కినా ఒక్కటే పడుతుంది. ఈ ముక్క మీ కోసం కాదు, రేపు నా బదులు ఇంకెవరైనా ఈ పని చూస్తే వాళ్ల కోసం:

```sql
CREATE EXTENSION btree_gist;

ALTER TABLE staff_busy
ADD CONSTRAINT no_overlap
EXCLUDE USING gist (
  staff_id WITH =,
  slot WITH &&
) WHERE (status IN ('held', 'confirmed'));
```

ఇందులో `slot` అంటే `tstzrange`. కలర్‌కు రెండు వరుసలు పడతాయి, మధ్యలో ఆగే సమయానికి వరుస ఉండదు. ఫోన్‌లో వచ్చినా వాట్సాప్‌లో వచ్చినా బుకింగ్ ఇందులోనే ఎక్కించాలి. రిజిస్టర్ పుస్తకం పక్కన ఉన్నంతకాలం ఈ పనంతా వృథా అవుతుంది అక్కా. మొదటి రోజే దాన్ని లోపల పెట్టేయండి.

డిపాజిట్

కట్‌కు, ఫేషియల్‌కు డిపాజిట్ వద్దు. కలర్‌కు, కెరాటిన్‌కు ₹500. పెళ్లికూతురు ప్యాకేజీకి మొత్తంలో 30 శాతం. ఏదైనా చివరి బిల్లులో తగ్గుతుంది.

టైమ్ ఎంచుకోగానే 10 నిమిషాలు అది వాళ్ల పేరు మీద ఆగుతుంది. ఆలోపు యూపీఐలో కట్టకపోతే మళ్లీ అందరికీ కనిపిస్తుంది. నాకు టెన్షన్ ఉన్నది ఒక్క చోటే: డబ్బు ఖాతాలో కట్ అయి, మనకు మాత్రం పన్నెండో నిమిషంలో సమాచారం వస్తే? అప్పటికీ ఆ టైమ్ ఖాళీగా ఉంటే బుకింగ్ ఖాయం చేస్తాం. పోయి ఉంటే మొత్తం వెంటనే వెనక్కి పంపి, కస్టమర్‌కు మెసేజ్ పెడతాం. కస్టమర్ ఫోన్‌లో 'పేమెంట్ సక్సెస్' అని కనిపించినంత మాత్రాన బుకింగ్ ఖాయం చేయం. పేమెంట్ గేట్‌వే మన సర్వర్‌కు చెప్పాలి.

సర్వీసులకు అడ్వాన్స్ తీసుకున్నప్పుడే జీఎస్టీ లెక్కలోకి వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సర్వీసులకు 5 శాతం. డిపాజిట్ రసీదు, రిఫండ్ రసీదు ఎలా ఉండాలో మీ ఆడిటర్ గారిని అడిగి చెప్పండి, అలాగే పెడతాను.

క్యాన్సిలేషన్

డబ్బు కట్టే బటన్‌కు పైనే, చిన్న అక్షరాలు కాకుండా ఇది కనిపించాలి:

> అపాయింట్‌మెంట్‌కు 24 గంటల ముందు వరకు క్యాన్సిల్ చేస్తే డిపాజిట్ మొత్తం తిరిగి ఇస్తాం. 24 గంటల లోపు, 6 గంటల కంటే ముందు అయితే 30 రోజుల్లోపు వేరే రోజుకు ఒకసారి మార్చుకోవచ్చు. 6 గంటల లోపు క్యాన్సిల్ చేసినా, రాకపోయినా డిపాజిట్ తిరిగి రాదు. 15 నిమిషాల కంటే ఆలస్యమైతే ముందుగా ఫోన్ చేయండి, వీలు చూసి చెబుతాం. మా వల్ల క్యాన్సిల్ అయితే మొత్తం తిరిగి ఇస్తాం.

పెళ్లి బుకింగ్‌లకు ఇవి సరిపోవు. 15 రోజుల ముందు వరకు మొత్తం, 15 నుంచి 7 రోజుల మధ్య సగం, ఆ తర్వాత ఏమీ లేదు. ముహూర్తం మారితే మాత్రం, కొత్త తేదీన స్టైలిస్ట్ ఖాళీగా ఉంటే ఒకసారి ఉచితంగా మార్చేద్దాం. పంతులుగారు తేదీ మార్చిన ఇంట్లో అప్పటికే సవాలక్ష తలనొప్పులుంటాయి, మనం కూడా డబ్బు పట్టుకుని కూర్చోవడం బాగుండదు.

హెయిర్ కలర్‌కు 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ ఉండాలి కాబట్టి మొదటిసారి వచ్చేవాళ్లకు అంతకంటే దగ్గరి టైమ్ చూపించం. టెస్టులో దురదో మంటో వస్తే కలర్ వేయం, డిపాజిట్ మొత్తం ఇచ్చేస్తాం. ఏ రూలూ దీనికి అడ్డు రాకూడదు.

ఇంట్లో చావు, ఆసుపత్రి లాంటివి వచ్చినప్పుడు మీ లాగిన్‌లో ఒక బటన్ ఉంటుంది. కారణం రాసి నొక్కితే రిఫండ్ వెళ్తుంది. రిసెప్షన్‌కు ఆ బటన్ ఇవ్వను, వాళ్ల మీద ఒత్తిడి పడుతుంది. బుక్ చేసిన రోజు ఉన్న రూల్సే ఆ బుకింగ్‌కు వర్తిస్తాయి. తర్వాత మీరు మార్చినా పాతవాళ్లకు పాతవే.

ఎప్పుడు మొదలుపెడదాం

మంగళవారం మొదలుపెడదాం. కట్టింగ్‌కు ఆ రోజు జనం పెద్దగా రారు, స్టాఫ్ నేర్చుకోవడానికి వీలుంటుంది. మొదటి రెండు వారాలు డిపాజిట్ లేకుండా నడిపి, మూడో వారంలో కలర్‌కు, కెరాటిన్‌కు మొదలుపెడదాం. పెళ్లి ప్యాకేజీలు చివర్లో.

ఈలోపు మీ నుంచి రెండు కావాలి. పోయిన నెల రిజిస్టర్ పేజీల ఫోటోలు, కొట్టివేతలు కూడా కనిపించేలా. ఇంకొకటి, ఒక్కో స్టైలిస్ట్ ఏ పనికి ఎన్ని నిమిషాలు తీసుకుంటారో వాళ్లనే అడిగి రాసిన కాగితం. గురువారం సాయంత్రం సెలూన్ మూసే టైమ్‌కు వచ్చి తీసుకుంటాను.