పప్పు కట్టు

అక్షరకు తొమ్మిదో నెల నిండింది. మీజిల్స్-రుబెల్లా టీకా కోసం ఆరోగ్య కేంద్రానికి తీసుకొచ్చారు. టీకాకు ముందు నర్సు బరువు చూస్తే 6.2 కిలోలు. కార్డు తిరగేస్తే ఆరో నెలలో సరిగ్గా 6 కిలోలు ఉంది. మూడు నెలల్లో పెరిగింది రెండు వందల గ్రాములు. అప్పటిదాకా ఆకుపచ్చలో నడిచిన గీత పసుపులోకి దిగింది. రెట్ట చుట్టుకొలత 12 సెంటీమీటర్లు. 11.5 కన్నా తగ్గినా, పాదాలకు వాపు ఉన్నా తీవ్ర పోషకాహార లోపం కిందికి వచ్చేది. అంత దూరం రాలేదు. నర్సు వాళ్లను డైటీషియన్ శారద గదికి పంపింది.

తల్లి సునీత బిడ్డను ఎత్తుకుని కూర్చుంది. అత్త బాలమ్మ తలుపు దగ్గరే నిలబడింది, చేతి సంచిలో పాలసీసా. సునీత భర్త మల్లేశ్ బయట బండి దగ్గరున్నాడు.

"పాపకు ఇంట్లో ఎవరు తినిపిస్తరు?" అని అడిగింది శారద.

"అత్తమ్మనే మేడం. నేను పొద్దున ఏడింటికి పత్తి ఏర పోత. మళ్ల సాయంత్రమే."

శారద కుర్చీ బాలమ్మ వైపు జరిపింది. ఈ గదిలో తల్లికి ఎంత చెప్పినా, గిన్నె ఎవరి చేతిలో ఉందో వాళ్లకు చెప్పకపోతే ఆ మాటలు గేటు దాకా కూడా పోవు.

"పెద్దమ్మా, కూసో. నిన్న పొద్దున లేచినకాడికెళ్లి పండుకునేదాక పాపకు ఏమేం పెట్టినవో వరుసగ చెప్పు. మంచి చెడు నేనేమనను."

బాలమ్మ కూర్చుంది. "పొద్దుగాల తల్లిపాలు. ఎనిమిదింటికి చాయ్‌ల బిస్కెట్లు ముంచి రెండు పెట్టిన. పదకొండింటికి కందిపప్పు కట్టు సీసల పోసి తాపిన. పగటీలి అన్నం గంజి. నాలుగింటికి మళ్ల బిస్కెట్లు. తల్లి వచ్చినంక పాలు. నలుగురు పిల్లల్ని ఇట్లనే పెంచిన బిడ్డా. పప్పుల బలమంత కట్టులనే ఉంటది. ముద్ద పెడితే అరగదు, వాయువు చేస్తది."

"సీసల ఇప్పుడున్నదేంది?"

"కట్టే. దార్ల ఆకలైతదని తెచ్చిన."

శారద ఆ సీసాను ఒక గాజు గ్లాసులోకి వంచి కిటికీ గట్టు మీద పెట్టింది. దాన్ని అక్కడే వదిలేసి మాటలు కొనసాగించింది. గుడ్డు పెడుతున్నారా? వేడి చేస్తుంది, పెట్టట్లేదు. అరటిపండు? జలుబు. నూనె? దగ్గు వస్తుందని వేయట్లేదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం?

"అది పెడితే నీళ్ల విరేచనాలు అయినయి మేడం" అంది సునీత. "ఇగ బంద్ చేసినం. పెద్దోడు బుక్కుతుండు."

"ఎట్ల కలిపి పెట్టిండ్రు?"

"గోరువెచ్చని నీళ్లల్ల కలిపి సీసల పోసి పెట్టిపోయిన. అత్తమ్మ రెండు మూడుసార్లు తాపింది."

శారద రాసుకుంది. బాలామృతంలో ఉండేది వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. అది విరేచనాలు చేసే తిండి కాదు. పాలపొడి, చక్కెర ఉన్న జావను ఎండలో నాలుగు గంటలు ఉంచితే, పైగా బ్రష్ కూడా దూరని ఆ రబ్బరు పీకలోంచి తాగిస్తే, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. తప్పు పొడిది కాదు, సీసాది, వేళది. ఈ సంగతి ముందు చెప్పకపోతే ఆ ఇంట్లో ఇక ఏ కొత్త తిండి మీదా నమ్మకం కుదరదు. అందుకే వేరే మాటలన్నీ ఆపి ముందు అదే చెప్పింది.

"అంటే సీస తప్పా?" అంది బాలమ్మ.

"సీస పారెయ్యాలె పెద్దమ్మా. తొమ్మిది నెలల పాప గిన్నె, చెంచాతోని తింటది. నీళ్లు గ్లాసుతోని తాగుతది. బాలామృతం తినే ముందే కలపాలె. మిగిలింది పెద్దోనికి పెట్టు, దాచకు."

కిటికీ గట్టు మీద గ్లాసు తేటపడింది. పైన నాలుగు వేళ్ల మందం పసుపు నీళ్లు, అడుగున పలచని పొరగా పప్పు. శారద పై నీళ్లలో చెంచా ముంచి పైకెత్తి వంచింది. నీళ్లు జారిపోయాయి, చెంచాకు ఏమీ అంటలేదు.

"మీ ఇంట్ల బర్లున్నయా?"

"రెండున్నయి. పాలు కేంద్రానికి పోస్తం."

"అక్కడ పైసలు దేనికిస్తరు?"

"ఫ్యాట్ చూసి ఇస్తరు. నీళ్లు కలిస్తే రేటు పడిపోతది" అని బాలమ్మ గ్లాసు వైపు చూసింది. కాసేపాగి తానే అంది, "అంటే ఇది నీళ్లు కలిపిన పాలసుంటిదన్నట్టు."

"పాప పొట్ట చిన్నది. ఒక్కసారికి పట్టేది 180 మిల్లీలీటర్లు, ఒక చాయ్ గ్లాసున్నర అనుకో. దాన్ని కట్టుతో నింపితే నిండుతది, పాప ఊకుంటది, నిద్రపోతది. కాని పెరగనీకి కావాల్సింది లోపలికి పోలేదు. తల్లిపాలు పోను ఈ వయసుల తిండి నుంచి రోజుకు 300 కేలరీలు రావాలె. కట్టు, గంజి, బిస్కెట్లు కలిపినా అంత రాదు."

మల్లేశ్ లోపలికి వచ్చాడు. బిస్కెట్లు ఆపితే పాప ఏడుస్తుందని అన్నాడు. రోజుకు ఎన్ని ప్యాకెట్లని శారద అడిగితే పది రూపాయలది ఒకటన్నాడు. "ఆ పదికి ఒక గుడ్డు వస్తది కదా తమ్మీ" అంది. అతను లెక్క వేసుకుని తలూపాడు.

తర్వాత వాళ్లను వెనక వంటగదికి తీసుకెళ్లింది. చెప్పడం కన్నా వండి చూపడమే ఆమెకు నమ్మకం. రెండు పెద్ద చెంచాల బియ్యం, ఒక పెద్ద చెంచా పెసరపప్పు కడిగింది. కందిపప్పు కన్నా పెసరపప్పు తేలిగ్గా ఉడుకుతుంది, వాయువు భయమున్న ఇంట్లో గొడవ కూడా తక్కువ. కుక్కర్లో గ్లాసున్నర నీళ్లు, గుప్పెడు తరిగిన తోటకూర, చిటికెడు పసుపు వేసి నాలుగు కూతలు రానిచ్చింది. దించి గరిటె వెనకతో మెదిపింది. మిక్సీ వేయలేదు. తొమ్మిది నెలలకు నోటిలో కొంచెం పలుకు తగలాలి, లేకపోతే నమలడం ఆలస్యమవుతుంది. ఒక చిన్న చెంచా నూనె, ఉప్పు చిటికెడులో చిటికెడు. కారం లేదు.

"నూనె దగ్గు చేస్తది" అంది బాలమ్మ.

"దగ్గు వచ్చేది జలుబుతోని పెద్దమ్మా. ఈ ఒక్క చెంచా నూనెల 45 కేలరీలున్నయి. పొట్ట నిండకుండ బలం పెంచేది ఇదే. ఈ గిన్నెల మొత్తం 200 కేలరీలు. ఇందుల సగం చొప్పున రెండుసార్లు పెట్టు, ఏ పూటకాపూట వండు."

చెంచాతో తీసి వంచి చూపింది. ముద్ద చెంచాకే నిలిచింది.

"ఇంత చిక్కగ మింగలేదు. గొంతుల పడతది."

ఈ అనుమానం ఉత్తది కాదు. చిక్కటి జావ చల్లారితే గట్టిపడుతుంది, బిడ్డ నాలుకతో బయటికి తోస్తుంది, పెట్టేవాళ్లు భయపడి నీళ్లు పోస్తారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. శారద అల్మారాలోంచి ఒక డబ్బా తీసింది. అందులో మొలకెత్తించిన తైదల, అంటే రాగుల పిండి. ముందుగా చేసి పెట్టుకున్న మామూలు తైద జావ గరిటె నిలబడేంత చిక్కగా ఉంది. దాన్ని దించి, వేలు పెడితే కాలేంత వేడి ఉండగా, ఒక చిన్న చెంచా మొలకల పిండి వేసి కలిపింది. నాలుగైదు నిమిషాల్లో జావ వదులై గరిటె నుంచి జారింది.

బాలమ్మ గిన్నెలోకి వంగి చూసింది. "నీళ్లు పొయ్యలే?"

"చుక్క పొయ్యలే. పిండి అంతే ఉంది. మొలకల ఉండే శక్తి గంజిని విడగొడతది. మళ్ల పొయ్యి మీద పెట్టి ఒక్క ఉడుకు రానియ్యాలె, అప్పుడే పాపకు పెట్టాలె. పొయ్యి మీద కుతకుత ఉడికేటప్పుడు ఈ పిండి వేస్తే పనిచెయ్యదు. బాగ మాడ్చి పట్టించినా పనిచెయ్యదు."

తైదలు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూట కట్టి ఒకటిన్నర రోజు ఉంచి, మొలక బియ్యపు గింజంత కాగానే నీడలో ఆరబెట్టి, ఎండలో ఎండనిచ్చి, చేత్తో నలిపి మొలకలు రాల్చి, సన్న సెగ మీద కొంచెమే వేయించి గిర్నీలో పట్టించమంది. మూట జిగట పట్టి పుల్లగా వాసన వస్తే పారేయాలి. గాలి సోకని డబ్బాలో నెల దాకా ఉంటుంది. బాలమ్మకు తైదల పని కొత్త కాదు. అంబలి ఆమె చేతి తిండే. ఎన్ని గింజలు పట్టించాలో, ఎండ ఎన్ని రోజులు కావాలో ఆమే చెప్పసాగింది. శారద మధ్యలో మాట్లాడలేదు.

పాపకు ఆ కిచిడీ పెట్టింది బాలమ్మే. మొదటి చెంచా సగం బయటికొచ్చింది. "వద్దంటుంది" అని చేయి తీసేయబోయింది. అది వద్దనడం కాదని, నాలుక ఇంకా అలవాటు పడలేదని, కొత్త తిండి ఒక్కోసారి పదిసార్లయినా పెట్టి చూడాలని శారద చెప్పింది. ముక్కు మూసి, బలవంతంగా పోయకూడదు. పాప ముఖం చూస్తూ ఆగి ఆగి పెట్టాలి. ఆరో చెంచాకు అక్షర నోరు తెరిచింది.

గుడ్డు దగ్గర మాత్రం బాలమ్మ ఒప్పుకోలేదు. ఇంకొన్నాళ్లు పోయాక చూస్తానంది. శారద పట్టుపట్టలేదు. ఒకే రోజు ఆరు మార్పులు చెప్తే ఇంటికి పోయేది ఒక్కటి కూడా ఉండదు. "మొదటి వారం కిచిడీ, సీస బంద్. రెండో వారం ఉడికిన గుడ్డు పసుపు సొన పావు ముక్క కిచిడీల మెదుపు. ఒంటి మీద దద్దుర్లొస్తే ఆపి నాకు చెప్పు" అని చీటీ రాసి, ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు అని సునీతకు చూపించింది.

పదిహేను రోజులకు ఆశా కార్యకర్తతో కలిసి శారద వాళ్ల ఇంటికెళ్లింది. సీసా లేదు. కిచిడీ ఉంది, కానీ పొద్దున ఒక్కసారే వండి మూత పెట్టి సాయంత్రం దాకా పెడుతున్నారు. పాప బరువు 6.25 కిలోలే. ముందటి వారం జలుబు చేసి రెండు రోజులు సరిగ్గా తినలేదని, గుడ్డు సొనే కారణమని బాలమ్మ గట్టిగా అంది.

"గుడ్డు పెట్టింది ఎప్పుడు, జలుబు ఎప్పుడు?"

బాలమ్మ వేళ్ల మీద లెక్క పెట్టింది. జలుబు ముందు వచ్చింది. పెద్దోడికి వచ్చి పాపకు అంటింది. ఆమె ఇంకేం అనలేదు.

రెండుసార్లు వండటం కష్టమని సునీత చెప్పింది. పగలు బర్లు, మేత, పెద్దోడి బడి, అత్తమ్మ ఒక్కతే. అది నిజం. అప్పుడు శారద పద్ధతి మార్చింది. పొద్దున వేడి కిచిడీ, మధ్యాహ్నం ఇంటివాళ్లకు వండిన దాంట్లోంచి కారం వేయకముందే తీసిన పప్పు, అన్నం మెదిపి చెంచా నూనె వేసి, సాయంత్రం మూడు పెద్ద చెంచాల బాలామృతం కాచి చల్లార్చిన నీళ్లలో అప్పటికప్పుడు కలిపి. మధ్యలో అరటిపండు సగం. వండింది రెండు గంటలు దాటితే పాపకు వద్దు. పాపకు వేరే పొయ్యి వెలిగించే పని ఒక్కసారికి తగ్గింది.

నెల నిండాక తూకంలో 6.6 కిలోలు వచ్చింది. రెట్ట 12.4. నర్సు కార్డు మీద చుక్క పెడితే గీత మళ్లీ పైకి తిరిగింది, ఇంకా పసుపులోనే ఉంది.

"ఆకుపచ్చలకు ఎప్పుడొస్తది?" అని అడిగింది బాలమ్మ.

"ఇట్లనే తింటే ఇంకో రెండు మూడు నెలలు. సంవత్సరం నిండేసరికి రోజుకు మూడుసార్లు తిండి, మధ్యల రెండుసార్లు చిరుతిండి కావాలె. గిన్నె కూడ పెద్దది చెయ్యాలె."

"ఇగ తెల్లసొన కూడ పెట్టొచ్చా? పసుపు మంచిగనే తింటుంది."

"పెట్టు. మొత్తం గుడ్డు పెట్టు."

బాలమ్మ సంచి సర్దుకుని లేచింది. "మా పక్కింట్ల కోడలు బిడ్డకు గూడ కట్టే తాపుతున్నరు. వచ్చే బుధవారం తీసుకొస్త. మీరు ఆ గ్లాసు కిటికీల పెట్టి చూపియ్యుండ్రి."