50 కిలోమీటర్ల గట్టు పరుగు: టైమ్‌టేబుల్ (బావగారికి, తమ్ముడికి చెరో కాపీ)

బొబ్బర్లంక నుంచి ఉదయం 5.00కి మొదలు. కాలువ గట్టు మీద ఆత్రేయపురం, లొల్ల లాకులు, అక్కడి నుంచి ఏటిగట్టెక్కి రావులపాలెం దాటాక మలుపు, మళ్లీ అదే దారిన వెనక్కి. ముగింపు గడువు మధ్యాహ్నం 1.30. నా అంచనా 12.21.

కొండల్లో పరిగెత్తేవాళ్లకి ఎత్తు రాగానే కాళ్లే నడవమంటాయి. మనకి అలాంటి ఎత్తులు లేవు. పడవలు నడవడానికి కూడా పనికొచ్చేలా తవ్విన కాలువలు ఇవి, గట్టు చాపలా పరుచుకుని ఉంటుంది. "ఇక్కడ నడువు" అని చెప్పేది ఒక్క గడియారమే. పోయినసారి 30 వరకు ఆగకుండా పరిగెత్తాను, 32 దగ్గర పిక్కలు పట్టేశాయి, మిగతా దారంతా కుంటుతూనే వచ్చాను. అందుకే ఈసారి మొదటి నడక 5.08కే. ఒళ్లు ఎంత తేలిగ్గా ఉన్నా సరే.

| చోటు | కి.మీ. | చేరడం | బయల్దేరడం |
|---|---|---|---|
| ఆత్రేయపురం | 9 | 6.12 | 6.15 |
| లొల్ల లాకులు | 14 | 6.55 | 6.59 |
| మలుపు | 25 | 8.27 | 8.35 |
| లొల్ల లాకులు | 36 | 10.07 | 10.13 |
| ఆత్రేయపురం | 41 | 10.57 | 11.02 |
| బొబ్బర్లంక | 50 | 12.21 | |

మలుపు దాకా 8 నిమిషాలు పరుగు, 2 నడక. పరుగు కిలోమీటరుకి 7.30, నడక 10.30. రెండూ కలిస్తే కిలోమీటరు దాదాపు 8 నిమిషాలు. మలుపు నుంచి లొల్ల దాకా 6 పరుగు, 2 నడక, అంటే 8.22 పడుతుంది. చివరి 14 కిలోమీటర్లు 4 పరుగు, 2 నడక, 8.48. వేగం తగ్గుతుందని ముందే ఒప్పుకుని రాసుకున్న లెక్క ఇది. ఆగే సమయం మొత్తం 26 నిమిషాలు, అది కూడా ఇందులోనే ఉంది.

తమ్ముడూ, నువ్వు రెండుసార్లూ లొల్ల దగ్గరే ఉండాలి. పొద్దున 6.50కి ముందే వచ్చానంటే తొందరపడుతున్నట్టే. 6.59 అయ్యేదాకా నన్ను కదలనివ్వకు, నేను ఎంత బతిమాలినా వినకు. అప్పటికి తెల్లారిపోతుంది కాబట్టి తలకి కట్టుకున్న లైటు తీసేసుకో, టోపీ ఇవ్వు. అక్కడి నుంచి మలుపుకి 11 కిలోమీటర్లు, దాదాపు గంటన్నర ఇంకెవరూ కనపడరు. అందుకే రెండు అరలీటరు సీసాలు నిండుగా కావాలి, ఒకటి మామూలు నీళ్లు, ఒకటి ఓఆర్ఎస్. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, అందులోంచి సీసా నింపు. చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది.

ఓఆర్ఎస్ తిండి కాదు. లీటరుకి చక్కెర 13.5 గ్రాములే. నాకు గంటకి 50 గ్రాముల పిండిపదార్థం కావాలి. సుమారు అరగంటకోసారి నడకలో ఒక చక్కెరకేళి గానీ, ఉడికించి ఉప్పు చల్లిన చిలగడదుంప ముక్కలు నాలుగు గానీ తింటాను. మలుపు తర్వాత నాలుగో నడకకి ఒకసారి, చివర్లో ఐదో నడకకి ఒకసారి. పూతరేకులు మాత్రం పరుగయ్యాకే, నెయ్యి అరగదు.

బావగారూ, మలుపు దగ్గర 8 నిమిషాలు మీ చేతుల్లో ఉంటాను. కుర్చీ వద్దు, కూర్చుంటే లేవలేను. మేజోళ్లు మార్చుకుంటాను, మంచు పడిన గడ్డిలో అప్పటికే తడిసిపోయి ఉంటాయి. బొండాం ఒకటి కొట్టించి ఉంచండి, కానీ దాంతోపాటు ఉప్పు వేసిన మజ్జిగ తప్పనిసరి. బొండాం నీళ్లలో సోడియం తక్కువ, చెమటతో పోయేది అదే. తిరుగు దారిలో ఎండ వీపు మీద పడుతుంది, తడి తువ్వాలు మెడకి చుట్టి పంపండి. బలవంతంగా నీళ్లు తాగించవద్దు. దాహాన్ని మించి తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అది ఎండదెబ్బంత ప్రమాదం.

మలుపుకి 25 నిమిషాలు ఆలస్యమైనా ఏమీ మార్చను, పరిగెత్తి పూడ్చను. 8.52 దాటి వస్తే మాత్రం అక్కడి నుంచే 4-2 మొదలు. 9.00కి కదిలినా లొల్లలో 6, ఆత్రేయపురంలో 5 నిమిషాలు ఆగి 12.51కల్లా చేరతాను, టెన్షన్ పడకండి.

మలుపు నుంచి బావగారు బండి మీద నేరుగా ఆత్రేయపురం రావాలి. అక్కడ 11.45 లోపు కదిలితే మిగిలిన 9 కిలోమీటర్లు కిలోమీటరుకి 11 నిమిషాల చొప్పున పూర్తిగా నడిచినా 1.24. ఆ తర్వాత వస్తే వాచీ చూపించి నన్ను బండెక్కించండి. మాట తడబడినా, గట్టు మీద తిన్నగా నడవలేకపోయినా, చెమట ఆగిపోయినా టైము చూడకండి, అక్కడితో ఆపేయండి. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, అమలాపురం ఆసుపత్రికి కాదు, దగ్గరున్న రావులపాలెం తీసుకెళ్లండి.