తొమ్మిది రోజుల పూలు

సార్లకు, మేడమ్‌లకు, ఫ్రెండ్స్‌కు నమస్తే. నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది, ఎందుకంటే సగంలో వదిలేసిన ఆటలు నా దగ్గర మూడున్నాయి గానీ పూర్తయింది ఇదొక్కటే.

పేరు 'పేర్చు'. గొడో అనే గేమ్ ఇంజిన్‌లో చేశాను. పైనుంచి గునుగు, తంగేడు, బంతి పూలు రాలుతుంటే సిబ్బిని అటూ ఇటూ జరుపుతూ బతుకమ్మ పేర్చాలి. లెవెల్స్ తొమ్మిది, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా. మొదటి లెవెల్ చూసి మా అమ్మమ్మ "అడుగున గుమ్మడాకు లేకుంటే పూలెట్ల నిలుస్తయి బిడ్డా?" అన్నది. ఆకు పెట్టాను, ఆట నిజంగానే బాగుపడింది, ఎందుకంటే ఇప్పుడు ముందు ఆకు పట్టుకోకపోతే పూలు జారిపోతాయి.

ఇక బగ్గు సంగతి. ల్యాబ్‌లోని 60 హెర్ట్జ్ మానిటర్ మీద, అంటే సెకనుకు 60 ఫ్రేములు చూపే దాని మీద, మెల్లగా రాలే పూలు, మా ఫ్రెండ్ 144 హెర్ట్జ్ ల్యాప్‌టాప్‌లో వడగండ్లలా పడ్డాయి. రెండు రాత్రులు వాడి ల్యాప్‌టాప్‌నే తిట్టుకున్నాను (సారీ రా!). తప్పు నాదే, ప్రతి ఫ్రేముకీ పువ్వును ఒకే దూరం జరుపుతున్నాను, అంటే ఫ్రేములు ఎక్కువైతే వేగమూ పెరుగుతుంది. ఇదిగో, మారిన లైను:

```
position.y += speed * delta
```

ఆ delta అంటే ముందు ఫ్రేము నుంచి గడిచిన సమయం. అంతే, అన్ని మెషీన్లలో ఒకే వేగం.

సౌండ్ ఇంకా సరిగ్గా లేదు, చప్పట్లు కాస్త వెనకబడుతున్నాయి. ఏడో లెవెల్ నేనే రెండేసార్లు దాటగలిగాను. ముందు ఎవరొస్తారు? మేడమ్, మీరు రండి, కీబోర్డు ఇక్కడుంది.